పందిట్లో మన చూపు ఎటుంది?

పెళ్లి పత్రిక ఇంటికి రాగానే కొందరు ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచిస్తారు, కొందరు సెలవు దొరుకుతుందో లేదో అనుకుంటారు. ఇంకొందరు మాత్రం ఆ క్షణం నుంచే తప్పించుకునే దారి వెతుకుతారు. ఆ రోజు పరీక్ష ఉందని చెబుదామా, జ్వరమందామా, అమ్మానాన్నల్ని పంపించి ఊరుకుందామా అని లెక్కలు వేస్తారు. వెళ్లక తప్పదని తేలితే ఇక ముహూర్తం దాకా వాళ్లకు నిద్ర సరిగా పట్టదు. ఈ అధ్యాయం వాళ్ల కోసం.

ఆఫీసులో పదిమందితో చక్కగా మాట్లాడే మనిషి కూడా పెళ్లింట్లో బిగుసుకుపోవచ్చు. ఆఫీసులో మనకొక పని ఉంటుంది, మాట్లాడటానికి ఒక విషయం ఉంటుంది. పెళ్లిలో ఏ పనీ లేకుండా గంటల తరబడి నలుగురి కళ్ల ముందు ఉండాలి. ఎదురుపడేవాళ్లు అటు పూర్తిగా కొత్తవాళ్లూ కారు, ఇటు బాగా దగ్గరివాళ్లూ కారు. మన చిన్నప్పటి సంగతులన్నీ వాళ్లకు గుర్తుంటాయి, వాళ్ల పేర్లు మనకు గుర్తుండవు. ఉద్యోగం, జీతం, పెళ్లి, పిల్లలు, ఒళ్లు, దేని గురించైనా సూటిగా అడిగేయడానికి చుట్టరికం వాళ్లకు చనువిచ్చింది. పైగా వీడియో కెమెరా ఎప్పుడు మన వైపు తిరుగుతుందో తెలియదు.

ఇలాంటి చోట కాస్త బెరుకు అందరికీ ఉంటుంది. కొందరిలో ఆ బెరుకు తగ్గకుండా ఏళ్ల తరబడి పెరుగుతూ పోవడానికి కారణం ఒకటుంది. పందిట్లో ఉన్నంతసేపూ వాళ్ల దృష్టి తమ మీదే ఉంటుంది. దాన్ని అక్కడినుంచి బయటికి మళ్లించడం నేర్చుకోవచ్చు. ఈ అధ్యాయమంతా దాని గురించే.

భయం తనను తాను ఎలా పోషించుకుంటుంది

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. 28 ఏళ్ల కుర్రాడు అనుకోండి. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్ 2కి చదువుతున్నాడు. కరీంనగర్‌లో చిన్నమ్మ కూతురి పెళ్లి. చెల్లె పెళ్లి కాబట్టి వెళ్లక తప్పదు. "అందరూ ఉద్యోగం గురించే అడుగుతారు. నాకు మాట రాదు, చేతులు వణుకుతాయి. వీడు దేనికీ పనికిరాడని అనుకుంటారు" అన్నది అతని మనసులో వారం రోజులుగా తిరుగుతున్న మాట.

ఫంక్షన్ హాల్ గుమ్మంలో అడుగుపెట్టగానే మొహం వేడెక్కుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఆ క్షణంలో అతని దృష్టంతా లోపలికి తిరుగుతుంది. చేతులు వణుకుతున్నాయా, గొంతు బొంగురుపోయిందా, నడక వింతగా ఉందా అని తనను తాను కాపలా కాస్తుంటాడు. అంతటితో ఆగకుండా, హాల్లో కూర్చున్నవాళ్లకు తానెలా కనిపిస్తున్నాడో ఒక బొమ్మ గీసుకుంటాడు. ఎర్రబడిన మొహం, తడబడే అడుగులు, బిక్కచూపులు. లోపల ఎంత భయంగా ఉందో బయటికి అంతా కనిపిస్తోందని నమ్ముతాడు. ఆ బొమ్మను గీసింది అతని భయమే. హాల్లో ఎవరి మొహం చూసీ అతను దాన్ని గీయలేదు.

బ్రిటన్‌కు చెందిన మనస్తత్వవేత్తలు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో ఈ చక్రాన్ని వివరించారు. నలుగురిలో భయపడే మనిషి ఎదుటివాళ్లను చూసి అభిప్రాయం ఏర్పరచుకోడు, తన లోపలి అదురును చూసి ఏర్పరచుకుంటాడు. అందుకే ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లొచ్చినా, అక్కడ చెడు ఏమీ జరగకపోయినా, భయం తగ్గదు. జరిగింది అతని కళ్లదాకా వస్తే కదా తగ్గడానికి.

ఈ చక్రంలో రెండో భాగం మరింత ముఖ్యం. భయపడే మనిషి ఊరికే నిలబడి భయపడడు, తనను కాపాడుకోవడానికి చిన్న చిన్న పనులు చేస్తుంటాడు. మన కుర్రాడు ఏం చేస్తాడో చూడండి. భోజనాల వేళకు వచ్చి, అక్షింతలు వేసి, తిని వెళ్లిపోవాలని ఆలస్యంగా వస్తాడు. చివరి వరసలో కుర్చీ వెతుక్కుంటాడు. ఫోన్ తీసి చూసిన మెసేజీలే మళ్లీ చూస్తాడు. వణుకు కనపడకూడదని చేతులు జేబుల్లో బిగించుకుంటాడు. ఎవరైనా అడిగితే చెప్పాల్సిన జవాబును లోపల్లోపల వల్లెవేస్తుంటాడు. అమ్మ ఎటు వెళ్తే అటు నీడలా వెళ్తాడు. వీటిని కాపుదల పనులు అందాం.

వీటితో రెండు నష్టాలున్నాయి. మొదటిది, పెళ్లి సజావుగా గడిచినా ఆ ఘనత వాటికే పోతుంది. "ఫోన్ ఉంది కాబట్టి బతికిపోయాను" అనుకుంటాడు. ఫోన్ లేకపోయినా ఏమీ కాదన్న సంగతి అతనికి ఎప్పటికీ తెలియదు. రెండోది ఇంకా పెద్దది. ఏది జరగకూడదని అనుకుంటాడో దాన్నే అవి తెచ్చిపెడతాయి. బిగించిన చేయి మామూలు చేతికన్నా ఎక్కువ వణుకుతుంది. జవాబు వల్లెవేసుకుంటున్నవాడికి మామ అడిగిన రెండో ప్రశ్న వినపడదు, అందుకని పొంతన లేని మాట చెబుతాడు. ఫోన్‌లో తల దూర్చినవాణ్ని చూసి "వీడికి మనతో మాట్లాడటం ఇష్టం లేదు కాబోలు" అనుకుని మేనత్త పక్కనుంచి వెళ్లిపోతుంది. అత్త పలకరించలేదన్నది అతనికి మరో రుజువవుతుంది. దాన్ని తయారుచేసింది తన ఫోనేనని అతనికి తట్టదు.

నిజంగా ఎంతమంది చూస్తారు?

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు చేసి 2000లో ప్రచురించిన ఒక ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. వేసుకోవడానికి సిగ్గుపడేలాంటి ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టును విద్యార్థికి తొడిగి, ఇతర విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపారు. తర్వాత బయటికి పిలిచి, నీ చొక్కా మీద ఎవరున్నారో ఎంతమంది గమనించి ఉంటారని అడిగారు. దాదాపు సగం మంది అన్నది వాళ్ల అంచనా. నిజంగా గమనించింది నాలుగో వంతు కూడా లేరు. మన మీద పడుతున్నాయనుకునే చూపుల్లో సగం మన ఊహే.

అయితే మన పెళ్లిళ్ల విషయంలో ఒక మాట నిజాయతీగా చెప్పుకోవాలి. "ఎవరూ నిన్ను పట్టించుకోరు, హాయిగా వెళ్లిరా" అని చెబితే అది అబద్ధమవుతుంది. మన బంధువుల్లో కొందరు చూస్తారు, అంటారు, పక్కవాళ్లతో పంచుకుంటారు కూడా. కాబట్టి ఎవరూ ఏమీ అనరన్న నమ్మకం మీద ధైర్యాన్ని కట్టుకుంటే మొదటి మాటకే అది కూలిపోతుంది. మనం నేర్చుకోవాల్సింది వేరు. పెద్దనాన్న ఒక మాట అంటాడు, అన్న నిమిషానికి వడ్డన ఎక్కడిదాకా వచ్చిందో చూడటానికి లేస్తాడు. ఆ మాటకు ఆయన దగ్గర ఉన్న ఆయుష్షు అంత. దాన్ని మూడు వారాలు బతికించేది మన తల.

వెళ్లే ముందు: ఒక కాగితం, ఒక పని

పెళ్లికి రెండు మూడు రోజుల ముందు ఒక కాగితం తీసుకుని నిలువుగా మూడు గడులు చేయండి. మొదటి గడిలో ఏం జరుగుతుందని భయపడుతున్నారో రాయండి. "చెడుగా ఉంటుంది" అని రాస్తే ఉపయోగం లేదు. తర్వాత అవునో కాదో తేల్చుకోగలిగేలా ఉండాలి. మన కుర్రాడు ఇలా రాస్తాడు: "కనీసం పదిమంది ఉద్యోగం గురించి అడుగుతారు. నేను జవాబు చెప్పలేక ఆగిపోతాను. అది విని ఎవరో ఒకరు నవ్వుతారు."

రెండో గడిలో, ఈసారి ఏ కాపుదల పనిని వదిలేస్తారో రాయండి. ఒక్కటి చాలు. అన్నీ ఒకేసారి వదిలేస్తానని వెళ్లినవాళ్లు సగంలో వెనక్కి వచ్చేస్తారు. మన కుర్రాడు ఫోన్‌ను ఎంచుకున్నాడు. హాల్లో ఉన్నంతసేపూ అది అమ్మ సంచిలో ఉంటుంది. మూడో గడి ఖాళీగా ఉంచండి, పెళ్లయ్యాక దాని పని.

తర్వాత చిన్నమ్మకు ఫోన్ చేసి పెళ్లిలో ఏదైనా పని అడగండి. పెళ్లింట్లో చేయి అవసరం లేని రోజు ఉండదు, అడిగితే ఎవరూ కాదనరు. ఏ పని తీసుకుంటారన్నది మాత్రం చూసుకోవాలి. స్టోర్ రూమ్‌లో కూర్చుని గిన్నెలు లెక్కపెట్టడం, కారేసుకుని పూలదండలకు వెళ్లడం కూడా పనులే, కానీ అవి దాక్కోవడానికి మంచి చోట్లు. మీకు కావాల్సింది మనుషుల ఎదుటికి తీసుకెళ్లే పని. గుమ్మం దగ్గర వచ్చినవాళ్లను లోపల కూర్చోబెట్టడం, అక్షింతలు పంచడం, బంతిలో మంచినీళ్లు ఇవ్వడం. ఇలాంటి పనిలో ప్రతి మనిషితోనూ పది ఇరవై క్షణాల మాట ఉంటుంది. ఆ మాట ఏమిటో పనే చెబుతుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ముందే తేల్చుకోండి. భయపడేవాళ్లు ఆలస్యంగా వెళ్తారు. అప్పటికి హాలు నిండి ఉంటుంది, అందరి ముందునుంచి నడిచి వెళ్లాల్సి వస్తుంది. అదే హాల్లో ఇంకా కుర్చీలు సర్దుతుండగా వెళ్తే మనుషులు ఒక్కొక్కరుగా మీ దగ్గరికే వస్తారు. ఖాళీ హాలు మీ కళ్ల ముందే మెల్లగా నిండుతుంది. మన కుర్రాడు జూబ్లీ బస్ స్టేషన్‌లో పొద్దున్నే మొదటి బస్సుల్లో ఒకటి ఎక్కితే ఇంకా చాలామంది దిగకముందే హాల్లో ఉంటాడు. బయల్దేరే ముందు ఏదైనా తినాలి, టీ ఒకటి రెండు కప్పులతో ఆపాలి. ఖాళీ కడుపుతో నాలుగు టీలు తాగితే ఏ భయమూ లేని మనిషికి కూడా గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి.

ఇంకో సాధన ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. రోజూ ఐదు నిమిషాలు ఒకచోట కూర్చుని ముందు ఫ్యాన్ చప్పుడు వినండి, తర్వాత దాన్ని వదిలి వీధిలో బండ్ల చప్పుడు మీదికి, ఆ తర్వాత పక్కింటి టీవీ మీదికి దృష్టి మార్చండి. మళ్లీ ఫ్యాన్ దగ్గరికి రండి. ధ్యానంలోలా మనసును ఖాళీ చేయాల్సిన పని లేదు. దృష్టిని ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట పెట్టడం మన చేతిలో ఉందని తెలియాలి, అంతే. సన్నాయి మేళం మోగుతున్న హాల్లో మొదటిసారి ప్రయత్నిస్తే ఇది రాదు. ఇంట్లో వారం పది రోజులు చేసి ఉంటే వస్తుంది.

హాల్లో: దృష్టిని బయటికి తిప్పడం

గుమ్మం దాటగానే మొహం వేడెక్కుతుంది. దాన్ని ఆపడానికి ప్రయత్నించవద్దు. ఒంటి కంగారు పైకి లేస్తుంది, కొంతసేపు అలాగే ఉంటుంది, మీరు అక్కడే ఉండి దాన్ని పట్టించుకోకుండా పనిలో పడితే నిమిషాల్లో తగ్గడం మొదలవుతుంది. అది పైకి లేచిన క్షణంలోనే బయటికి వెళ్లిపోతే, వెళ్లిపోవడం వల్లే బతికామని శరీరం నేర్చుకుంటుంది. వచ్చే పెళ్లికి అది ఇంకా తొందరగా లేస్తుంది. మధ్యలో విశ్రాంతి కావాలనిపిస్తే తప్పకుండా బయటికి వెళ్లండి. అయితే కంగారు కాస్త దిగాక వెళ్లండి, ఎన్ని నిమిషాల్లో తిరిగొస్తారో అనుకుని వెళ్లండి, వెళ్లినవాళ్లు తిరిగి రండి.

దృష్టిని బయటికి తిప్పడంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. చుట్టూ ఉన్న మొహాలు వెతుకుతూ, ఎవరు నావైపు చూస్తున్నారు, ఎవరు గుసగుసలాడుతున్నారు, ఆ నవ్వు నా గురించేనా అని చూస్తారు. కళ్లు బయట ఉన్నా దృష్టి ఇంకా తమ మీదే ఉంది. తేడా ఎలా తెలుస్తుందంటే, చూసిన ప్రతిదాని చివరా "నా గురించి" అన్న మాట వచ్చి చేరుతుంటే దృష్టి లోపలే ఉన్నట్టు.

పెళ్లిలో చూడటానికి ఎంతో ఉంది. పంతులుగారు ఏం చేయిస్తున్నారో కనిపించేంత దగ్గరగా కూర్చోండి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తెర ఎవరు పట్టుకున్నారు? తలంబ్రాల్లో ముందు చేయెత్తింది ఎవరు? మేళగాళ్లు గట్టిమేళం ఎవరి సైగతో అందుకున్నారు? ఇవి పరీక్ష ప్రశ్నలు కావు. వీటిని గమనించేటప్పుడు మీ చేతులు వణుకుతున్నాయో లేదో చూసుకోవడానికి మీ దగ్గర దృష్టి మిగలదు. మీరు వచ్చింది చెల్లెలి పెళ్లి చూడటానికి. ఇన్నాళ్లూ పెళ్లిళ్లకు వెళ్లి మిమ్మల్ని మీరు చూసుకుని వచ్చారు.

మాట్లాడేటప్పుడు ఇంకో చిన్న నియమం పెట్టుకోండి. ఎదుటి మనిషి చెప్పిన ఒక్క సంగతిని ఇంటికి వెళ్లాక అమ్మకు చెప్పగలిగేలా వినాలి. వేములవాడ అత్త మోకాలికి ఆపరేషన్ చేయించుకుందని, పెద్దబావ ఈసారి పత్తి మానేసి మొక్కజొన్న వేశాడని. "ఏం మాట్లాడాలి" అన్న ప్రశ్న అందరినీ భయపెడుతుంది. దానికి బదులు "ఏం వినాలి" అన్నది ముందు పెట్టుకుంటే తర్వాతి మాట విన్నదాంట్లోంచే దొరుకుతుంది. మోకాలి ఆపరేషన్ గురించి విన్నవాడికి, మెట్లెక్కగలుగుతున్నావా అత్తా అని అడగడానికి వల్లెవేయాల్సిన పని లేదు.

ఆ ప్రశ్న వచ్చినప్పుడు

వస్తుంది. తప్పించుకోవడానికి చూసేకొద్దీ దాని బరువు పెరుగుతుంది. కాబట్టి రెండే రెండు వాక్యాలు సిద్ధం చేసుకోండి. ఒకటి నిజమైన చిన్న జవాబు, రెండోది ఎదుటివాళ్ల గురించి మీరు నిజంగా తెలుసుకోవాలనుకునే ప్రశ్న. జవాబులో క్షమాపణ ఉండకూడదు, సంజాయిషీ ఉండకూడదు. మన కుర్రాడికి ఇలా జరిగిందనుకోండి.

"ఏం రా, ఏం జేస్తున్నవ్ ఇప్పుడు?" అన్నాడు మామ.

"గ్రూప్ 2కు చదువుతున్న మామా. ఇంకా రాలే. నువ్వెట్లున్నవ్, షాపు మంచిగ నడుస్తుందా?"

"ఏం నడుసుడు రా, పక్కకే పెద్ద మార్ట్ పడ్డది..." అని మామ మొదలుపెట్టాడు. ఐదు నిమిషాలు తన షాపు గురించే చెప్పాడు. కుర్రాడి జవాబుకు పట్టిన సమయం రెండు క్షణాలు. ఇంకా రాలేదన్న నిజాన్ని దాచకపోవడం వల్ల తర్వాత బయటపడుతుందేమోనన్న భయం కూడా అతనికి లేకుండా పోయింది.

అన్ని సంభాషణలూ ఇంత సులువుగా తేలవు. భోజనాల దగ్గర పెద్దనాన్న నలుగురి ముందూ అన్నాడు: "నీ తోటోళ్లందరు సెటిల్ అయిండ్రు. నువ్వింకెన్నేండ్లు చదువుతవ్ రా?"

ఇది గుచ్చుకునే మాట. మొహం వేడెక్కుతుంది, ఎక్కాలి కూడా. ఇక్కడ గెలవాల్సిన పని లేదు, పెద్దనాన్నను ఒప్పించాల్సిన పని లేదు. "అవును పెద్దనాన్నా, నాకు ఇంకింత టైం పడ్తది" అని ఊరుకోవచ్చు. ఆయన మాటలో నిజమున్నంతవరకు ఒప్పుకుని, మిగతాది అక్కడే వదిలేయడం ఇది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ తర్వాత విస్తరి ముందునుంచి లేవకూడదు. పక్కనున్న బాబాయిని పప్పు ఇటు వేయించమనాలి, తినడం పూర్తిచేయాలి. గుచ్చుకున్న తర్వాత కూడా అదే బంతిలో కూర్చుని ఉన్న ఆ పది నిమిషాలు మీకు నేర్పేదాన్ని ఈ పుస్తకం నేర్పలేదు.

వదలకుండా అడిగేవాళ్లూ ఉంటారు. వాళ్లకు జవాబు బాకీ లేరు. "ఆ ముచ్చట తర్వాత మాట్లాడుకుందం అత్తా, ఇయ్యాల పెళ్లి చూద్దం" అని నెమ్మదిగా, నవ్వు పులుముకోకుండా చెప్పి మాట మార్చవచ్చు. పిల్లలు లేరని, ఒళ్లు చేశావని, ఇంకా పెళ్లి కాలేదని ఆడవాళ్లకు వచ్చే ప్రశ్నలకు ఇది మరీ అవసరం. శరీరం గురించి, గర్భం గురించి అడిగినవాళ్లకు నిజం చెప్పి తీరాలన్న నియమం ఎక్కడా లేదు.

ఒక హద్దు కూడా చెప్పాలి. భర్త పోయిన స్త్రీని పసుపు కుంకుమల దగ్గరికి రావద్దని పక్కకు నెట్టినా, విడాకులు తీసుకున్న అమ్మాయిని చూసి ఎవరైనా శకునం మాట ఎత్తినా, ఆమెకు కలిగే బాధను భయం జబ్బు అనకూడదు. అక్కడ జరుగుతున్నది అవమానం. దానికి దృష్టి సాధన మందు కాదు. ఆమె చేయి పట్టుకుని ముందుకు తీసుకొచ్చే మనిషి కావాలి. ఆ మనిషి మీరు కాగలిగితే అవ్వండి.

తిరిగొచ్చాక, ఆ రాత్రి

పెళ్లి అయిపోయింది, ఇంటికి వచ్చి పడుకున్నారు. భయానికి రెండో వేట అప్పుడు మొదలవుతుంది. చీకట్లో పొద్దుటి నుంచి జరిగినదంతా తిప్పి తిప్పి చూసుకుంటారు. మామతో అలా ఎందుకన్నాను, అత్త మొహం ఎందుకలా పెట్టింది, ఫోటోలో వెర్రిగా నిలబడ్డానా అని. ఇలా తిప్పిన ప్రతిసారీ జ్ఞాపకం కొంచెం చెడుతుంది. ఉన్న చెడు పెద్దదవుతుంది, జరిగిన మంచి రాలిపోతుంది. వచ్చే పత్రిక అందేసరికి మీకు గుర్తుండేది ఈ చెడిపోయిన ప్రతే.

మూడో గడి ఇందుకోసమే ఉంచాం. పడుకునే ముందు కాగితం తీసి ఏం జరిగిందో రాయండి. ఒకే షరతు: వీడియో కెమెరాకు దొరికేది మాత్రమే రాయాలి. "పెద్దనాన్న నన్ను చేతకానివాడనుకున్నాడు" అన్నది కెమెరాకు దొరకదు. "పెద్దనాన్న ఇంకెన్నేళ్లు చదువుతావన్నాడు, తర్వాత పెరుగు అడిగాడు" అన్నది దొరుకుతుంది. మన కుర్రాడి మూడో గడిలో ఇలా ఉంది: "ఉద్యోగం గురించి నలుగురు అడిగారు. ముగ్గురికి జవాబు చెప్పాను. ఒకరి దగ్గర తడబడి ఆగాను, ఆయన అది పట్టించుకోకుండా బస్సు ఎన్నింటికని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. పెద్దనాన్న అన్న మాట బాధపెట్టింది. అన్నం తినడం పూర్తిచేశాను."

దీన్ని మొదటి గడి పక్కన పెట్టి చదవండి. పదిమంది అనుకుంటే నలుగురు. నవ్వుతారనుకుంటే నవ్వలేదు. ఆగిపోతాననుకున్నది ఒకసారి నిజమైంది, దాంతో కొంప మునగలేదు. భయం చెప్పినదాంట్లో కొంత నిజం, చాలా భాగం అబద్ధం అని మీ చేతిరాతలోనే తేలింది. కాగితం మడిచి పెట్టేయండి. మళ్లీ ఆలోచన మొదలైతే దాంతో వాదించకండి, "రాసేశాను" అనుకుని ఫ్యాన్ చప్పుడు మీదికి దృష్టి మళ్లించండి.

అత్త మొహం ఎందుకలా పెట్టిందన్న అనుమానానికి కూడా ఒక సమాధానం ఉంది. ఎరికా బూత్‌బీ, ఆమె సహ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనాల్లో, అప్పుడే పరిచయమై మాట్లాడుకున్న ఇద్దరిని విడివిడిగా అడిగారు. ఎదుటివాళ్లకు తాము ఎంత నచ్చామన్నది సగటున తక్కువగానే అంచనా వేశారు. నిజానికి అంతకన్నా ఎక్కువే నచ్చారు. మాట్లాడి వచ్చాక మనకు మనం వేసుకునే మార్కులు తక్కువ వైపే తప్పుతాయి.

ఈ భయానికి చికిత్స చేసే నిపుణులు వాడే పద్ధతి ఒకటుంది. మనిషి మాట్లాడుతుండగా వీడియో తీసి, తర్వాత దాన్ని అతనికే చూపిస్తారు. మనకు ఆ వీడియో పెళ్లివాళ్లే తీసిపెడతారు. కొన్ని వారాల తర్వాత అది చిన్నమ్మ ఇంటికి వస్తుంది. చూసే ముందు, అందులో మీరెలా కనిపిస్తారనుకుంటున్నారో కాగితం మీద రాయండి. మొహం ఎంత ఎర్రగా, చేతుల వణుకు ఎంతగా. తర్వాత, ముక్కూ మొహం తెలియని ఎవరినో చూస్తున్నట్టు చూడండి. ఆ రోజు మీకెలా అనిపించిందో గుర్తు తెచ్చుకోకండి, తెర మీద ఏం కనిపిస్తుందో అదే చూడండి. ఎక్కువమందికి ఇక్కడ ఆశ్చర్యం ఎదురవుతుంది. లోపల తుపానులా ఉన్న నిమిషంలో కూడా తెర మీద కనిపించేది నీళ్ల బాటిళ్లు అందిస్తున్న ఒక మామూలు కుర్రాడే.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ సాయం అడగాలి

అన్నిటికన్నా కష్టమైన పెళ్లితో మొదలుపెట్టకండి. రాబోయే రెండు మూడు నెలల్లో వెళ్లాల్సిన చోట్లు రాసుకుని, భయాన్ని బట్టి వరసలో పెట్టండి. పక్కింటి సత్యనారాయణ వ్రతం, స్నేహితుడి గృహప్రవేశం, మేనకోడలి ఓణీల ఫంక్షన్, ఆ తర్వాత దగ్గరి బంధువుల పెళ్లి. కింది మెట్టులో ఒక కాపుదల పని వదిలి, మూడో గడి నింపాక పై మెట్టుకు వెళ్లండి. ఏదైనా మెట్టు దగ్గర తట్టుకోలేక వచ్చేస్తే దాని కిందిదాన్ని ఇంకోసారి చేయండి. భయం పూర్తిగా పోయాక వెళ్దామని ఆగితే ఆ రోజు రాదు. భయం ఉండగానే వెళ్లి, ఉండగానే పని చేసుకుంటే అది మెల్లగా పలచబడుతుంది.

రెండు అడ్డదారులకు దూరంగా ఉండండి. దావత్‌కు ముందు రెండు పెగ్గులు వేసుకుంటే మాట వస్తుందని కొందరు నమ్ముతారు. అది కూడా కాపుదల పనే, ఫోన్‌కన్నా చాలా ప్రమాదకరమైనది. ప్రతి ఫంక్షన్‌కూ అది అవసరమయ్యే రోజు వస్తుంది. గుండె దడ తగ్గించే ప్రొప్రనొలాల్ లాంటి మాత్రలు ఎవరో చెప్పారని మందుల షాపులో కొని వేసుకోవద్దు. ఆస్తమా ఉన్నవాళ్లకు అవి ప్రాణాంతకం కావచ్చు.

ఈ సాధన అందరికీ సరిపోదు. ఈ భయం ఆరు నెలలు దాటి ఉంటే, దాని వల్ల ఇంటర్వ్యూలు మానేస్తుంటే, చదువు ఆగిపోతే, నలుగురి ముందు తినలేకపోతుంటే, బతకాలనిపించకపోతే, మీకు నిపుణుల సాయం కావాలి. దీనికి మంచి చికిత్స ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ తెలిసిన క్లినికల్ సైకాలజిస్టు వారానికొకసారి చొప్పున కొన్ని నెలలు ఈ చక్రం మీదే మీతో కలిసి పనిచేస్తారు. అవసరమైతే సైకియాట్రిస్టు మందులు ఇస్తారు, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మొహం చూపించి చెప్పడానికి వెనకాడేవాళ్లకు మొదటి అడుగుగా అది సులువు.

మన కుర్రాడి సంచిలో ఇప్పుడు ఒక నింపిన కాగితం ఉంది. తర్వాతి పత్రిక మేనత్త కొడుకుది, ధర్మపురిలో. ఈసారి అతను ఫోన్‌తో పాటు చివరి వరసను కూడా వదిలేస్తున్నాడు. మొదటి గడిలో ఉద్యోగం గురించి అడిగేవాళ్ల లెక్క పదిమంది నుంచి ఐదుగురికి తగ్గింది, నవ్వుతారన్న మాట అసలు లేదు. మీ ఇంట్లో ఫ్రిజ్ మీదో, దేవుడి గూట్లోనో ఒక పత్రిక ఉండే ఉంటుంది. దాన్ని తీసి తేదీ చూసి, మూడు గడుల కాగితంలో మొదటి గడి ఇవాళే రాయండి.